జర్మనీలో చదివే అమ్మాయికి నెలఖర్చు ఉత్తరం: యూరో రేటు మారినప్పుడల్లా ఎంత పంపాలి?

మంచిర్యాల నాన్న

మా అమ్మాయి మాగ్డెబుర్గ్‌లో మాస్టర్స్ రెండో ఏడాదిలోకి వస్తోంది. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో వేసిన 11,904 యూరోలు నెలకి 992 చొప్పున విడుదలవుతూ వచ్చాయి, సెప్టెంబరుతో అయిపోతాయి. అక్టోబరు నుంచి మేమే పంపాలి. రేటు పెరిగిన ప్రతిసారీ ఫోన్లో లెక్కలు మాట్లాడుకోవడం ఇద్దరికీ బాగుండదని ఒక ఉత్తరం రాసి పెట్టాను. ఇంకా పంపలేదు. చదివి తప్పులు చెప్పండి. లెక్క తేలిగ్గా ఉంటుందని యూరో వంద రూపాయలు అనుకుని రాశాను, పంపే రోజున అసలు రేటు వేస్తాను.

> చిన్నీ,
> అక్టోబరు నుంచి నెలకి 900 యూరోలు పంపుతాం. ఇవాళ్టి రేటు 100 రూపాయలు. రేటు 5 శాతం పెరిగితే పంపే యూరోలు 5 శాతం తగ్గిస్తాం, 5 శాతం తగ్గితే 5 శాతం పెంచుతాం. ప్రతి నెలా 1వ తేదీ గూగుల్‌లో రేటు చూసి అదే రోజు పంపుతాను. ఖర్చుల బిల్లులు వాట్సాప్‌లో పెడుతూ ఉండు.
> ఆశీస్సులతో, నాన్న

గోదావరి గట్టు

ఇంత తంటా ఎందుకండీ. మీ ఆదాయం రూపాయల్లో వస్తుంది కదా, రూపాయల్లోనే ఖాయం చేసేయండి. నెలకి 90,000. రేటు పది శాతం పెరిగితే పాపకి పది శాతం తక్కువ వస్తుంది, తగ్గితే పది శాతం ఎక్కువ వస్తుంది. ఏడాది తిరిగేసరికి సరిపోతుంది.

కృష్ణలంక

స్పాన్సర్ లెటర్ ఇలా మామూలు కాగితం మీద రాస్తే చెల్లదండీ. వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాయించి నోటరీ చేయించండి. మీ ఆధార్, పాస్‌పోర్ట్ కాపీలు, మూడేళ్ల ఐటీ రిటర్నులు జత చేయాలి.

మంచిర్యాల నాన్న

కృష్ణలంక గారూ, ఇది వీసాకి కాదండీ. నాకూ మా అమ్మాయికీ మధ్య మాట, అంతే.

పాత ఫారెక్స్ డెస్క్

ముందు మీ 5 శాతం వాక్యం సంగతి. అది రాసినట్టే అమలు చేస్తే ఏమవుతుందో చూడండి. యూరో 104.90 ఉన్న నెల మీరు 900 పంపుతారు, ఖర్చు 94,410 రూపాయలు. మర్నెల యూరో ఇంకో పది పైసలు పెరిగి 105 అయింది. ఇప్పుడు 855 పంపుతారు, ఖర్చు 89,775. అంటే యూరో పది పైసలు ప్రియమైన నెలలో మీకు నాలుగువేల ఆరువందలు మిగులుతున్నాయి, పాపకి 45 యూరోలు పోతున్నాయి. మీ ఉద్దేశం అది కాదని తెలుసు, కానీ కాగితం మీద ఉన్నది అదే. మెట్టులా రాసిన షరతుకి ఎప్పుడూ ఈ జబ్బు ఉంటుంది. గీత దాటగానే మొత్తం తగ్గించకూడదు, గీత దాటిన భాగం మీదే లెక్క వేయాలి.

రెండోది, 5 శాతం దాటాక మీ దగ్గర్నుంచి పోయేది మళ్లీ 90,000 చుట్టూనే ఉంటోంది. అంటే రేటు పెరిగిన బరువంతా పాప మీదే పడుతోంది. గోదావరి గట్టు గారు చెప్పిన పద్ధతికీ దీనికీ చివరికి తేడా ఏమీ లేదు.

వారి లెక్కలో కూడా చిన్న సవరణ ఉంది. 90,000 స్థిరంగా ఉంచి రేటు 110 అయితే వచ్చేది 818 యూరోలు, తగ్గుదల 9.1 శాతం. రేటు 90 అయితే వచ్చేది 1,000, పెరుగుదల 11.1 శాతం. రెండు వైపులా పది కాదు. అయినా ఈ అంకెల కన్నా ముందు తెలియాల్సింది వేరే ఉంది. 818లో ఆమె అక్కడ బతకగలదా? ఖర్చులు విడదీసి రాయండి.

గోదావరి గట్టు

శాతాల సంగతి ఒప్పుకుంటాను. కానీ సరళంగా ఉండటం కూడా ఒక సుగుణమే కదా. నెలకి ఎంత పోతుందో తండ్రికి ముందే తెలియాలి.

మంచిర్యాల నాన్న

అమ్మాయి పంపిన పట్టిక ఇది. గది అద్దె హీటింగ్‌తో కలిపి 390. హెల్త్ ఇన్సూరెన్స్ 145. తిండి 190. సెమిస్టర్ ఫీజు ఆరునెలలకి 300, అందుకోసం నెలకి 50 పక్కన పెట్టాలి, ట్రైన్ పాస్ అందులోనే వస్తుందట. ఫోను, ఇంటికి పడే రేడియో టీవీ పన్నులో తన వాటా కలిపి 25. మొత్తం 800. మిగతా 100 బట్టలు, బయట తిండి, ఊళ్లు తిరగడం.

పాత ఫారెక్స్ డెస్క్

ఇదే కావాల్సింది. 800 గట్టి భాగం, 100 సాగే భాగం. రూపాయి పడిపోయిందని మాగ్డెబుర్గ్ ఇంటి ఓనరు అద్దె తగ్గించడు. కాబట్టి గట్టి భాగాన్ని రేటుతో ముడిపెట్టకండి, అది ఎప్పుడూ యూరోల్లోనే ఉండాలి. సర్దుబాటు ఏదైనా ఆ 100లోనే జరగాలి, అందులోనూ సగానికి మించి కోయకూడదు. ఆ లెక్కన కనీసం 850.

ఇక పంచుకునే పద్ధతి. మొదటి రేటు 100. దానికి నాలుగు రూపాయలు అటూ ఇటూ ఒక దడి కట్టండి, 96 నుంచి 104 దాకా. దడి లోపల రేటు ఎలా ఊగినా పాపకి 900 పూర్తిగా వెళ్తుంది, భారం మీది. 104 దాటితే, దాటిన భాగాన్ని ఇద్దరూ సగం సగం పంచుకుంటారు.

యూరో 108 అయిందనుకోండి. దడి దాటినది 4 రూపాయలు. 900 యూరోల మీద అది 3,600 రూపాయలు. అందులో పాప వాటా 1,800. దాన్ని 108తో భాగిస్తే 16.67 యూరోలు. ఆ నెల ఆమెకి 883 వెళ్తుంది. మీ ఖర్చు 95,400. సరిచూసుకోండి: అసలు 90,000, దడి భారం 3,600, మీ సగం 1,800.

అదే 112 అయితే ఆమెకి 868, మీకు 97,200. 117 దగ్గర ఆమె వాటా సరిగ్గా 50 యూరోలకి చేరుతుంది, 850 అక్కడ తగులుతుంది. ఆ పైన రేటు ఎంత పెరిగినా ఆమెకి తగ్గదు.

షీట్‌లో రేటు B2 గడిలో వేసి పక్క గడిలో ఇది పెట్టండి:

```
=MAX(850, 900-450*MAX(0,B2-104)/B2)
```

450 అంటే 900లో సగం. వాటా సగం కాకుండా మూడో వంతు చేయాలనుకుంటే అక్కడ 300 వేయాలి.

మంచిర్యాల నాన్న

ఇది బాగుందండీ. 117 దాకా వెళ్తుందంటారా? మరీ ఎక్కువ కదా.

పాత ఫారెక్స్ డెస్క్

ఎంత దూరం వెళ్తుందో నేను చెప్పను, ఎవరు చెప్పినా నమ్మకండి. జరిగింది మాత్రం చెప్తాను. 2022 సెప్టెంబరులో యూరో 80 రూపాయల లోపుకి దిగింది. 2025 జనవరిలో 88, 89 దగ్గర ఉంది. అదే ఏడాది సెప్టెంబరుకి 103 దాటింది. తొమ్మిది నెలల్లో పదహారు శాతం పైన. మీ 100ని మొదటి రేటుగా తీసుకుంటే అలాంటి ఊపు ఒక్కటి వస్తే 116. దడి, కనీసం, రెండూ ఆ దెబ్బ తగిలినా నిలబడేలా ఉండాలి.

గోదావరి గట్టు

అందుకే రూపాయి ఎప్పుడూ పడేదే, ఇప్పుడే ఏడాదికి సరిపడా కొనేసి ఫారెక్స్ కార్డులో వేసి ఇచ్చేయమనేది. రేటు గొడవే ఉండదు.

ఆఖెన్ అమ్మాయి

నమస్తే అండీ, నేనూ ఇక్కడ జర్మనీలోనే చదువుతున్నాను. ఫారెక్స్ కార్డు సూపర్ మార్కెట్లో పనిచేస్తుంది, అద్దెకి పనిచేయదు. అద్దె, ఇన్సూరెన్స్, ఫోను అన్నీ అకౌంట్ నుంచి పోతాయి, వాటికి ఐబాన్ అనే అకౌంటు నంబరు కావాలి. కార్డుకి ఐబాన్ ఉండదు. కార్డులో డబ్బు పెట్టుకుని ఏటీఎంలో తీసి మళ్లీ అకౌంట్లో వేసుకోవడం అంటే రెండు చోట్ల చార్జీలు.

అంకుల్, మీ ఉత్తరంలో నాకు ముందు భయం వేసింది 1వ తేదీ చూసి. ఇక్కడ అద్దె నెలలో మూడో పనిదినానికల్లా ఓనరుకి కట్టేయాలి. మీరు 1న పంపితే నాకు 3న రావచ్చు, 5న రావచ్చు. ఇన్సూరెన్స్ వాళ్లు, ఫోను వాళ్లు వాళ్లంతట వాళ్లే అకౌంట్ నుంచి లాక్కుంటారు. ఆ రోజు బాలెన్స్ లేకపోతే వెనక్కి పోతుంది, దానికి వాళ్లు చార్జీ వేస్తారు, తర్వాత హెచ్చరిక ఉత్తరం వస్తుంది. 16 యూరోలు తగ్గినా సర్దుకుంటాం. మూడు రోజులు ఆలస్యమైతే సర్దుకోవడానికి ఏమీ ఉండదు.

బిల్లుల వాక్యం కూడా తీసేయండి అంకుల్, ప్లీజ్. గట్టి భాగం ఎంతో మీకు ఎలాగూ తెలుసు. ఆ వంద యూరోలకి బిల్లులు అడిగితే అది ఇక తన డబ్బు అనిపించదు.

పాత ఫారెక్స్ డెస్క్

అమ్మాయి చెప్పినదానికి నేను చేర్చాల్సింది లేదు, తేదీ మార్చాల్సిందే. 20వ తేదీకి రేటు తేల్చుకుని 22న పంపండి. మధ్యలో శని, ఆదివారాలు వచ్చినా, ఇక్కడ పండగ వచ్చినా, అక్కడ ఈస్టర్‌కి శుక్రవారం, సోమవారం రెండూ సెలవైనా నెలాఖరుకి చేరిపోతుంది.

ఇక ఏ రేటు? ఒక్క రోజు రేటు తీసుకోవద్దు. ఆ రోజు ఏదో వార్త వచ్చి రూపాయి ఎగిరితే నెలంతా దాని ఫలితం ఉంటుంది. 20వ తేదీతో ముగిసే ఐదు పనిదినాలకి ఎఫ్‌బీఐఎల్ అనే సంస్థ ప్రకటించే రిఫరెన్స్ రేటు సగటు తీసుకోండి. డాలరు, యూరో, పౌండు, యెన్‌లకి 2018 జూలై నుంచి వాళ్లే రోజూ మధ్యాహ్నం ప్రకటిస్తున్నారు, మీరూ చూడొచ్చు, పాపా చూడొచ్చు. ఉదాహరణకి ఐదు రోజులు 107.20, 107.80, 108.40, 108.10, 108.50 ఉన్నాయి. కలిపితే 540, సగటు 108. షీట్‌లో వేసేది అదే. ఇద్దరూ ఒకే అంకె చూస్తే వాదనకి చోటుండదు.

హ్యూస్టన్ బాబాయ్

మా అబ్బాయి ఇక్కడే యూనివర్సిటీలో. ఇండియాలో ఉన్న మా అన్నయ్య ఫీజు కడుతున్నారు, సెమిస్టర్‌కి డాలర్లలో పెద్ద మొత్తం. ఇదే ఫార్ములా ఫీజుకి కూడా వేయొచ్చా?

పాత ఫారెక్స్ డెస్క్

ఫీజులో సాగే భాగం లేదు కదండీ. యూనివర్సిటీ అడిగిన డాలర్లు పూర్తిగా కట్టాల్సిందే, అక్కడ పంచుకోవడానికి ఏమీ లేదు. ఫీజు పక్కన పెట్టి నెలఖర్చుకి మాత్రమే వాడండి. పైగా డాలరు దారి వేరు. యూరో రూపాయితో పోలిస్తే పైకీ కిందకీ బాగా ఊగుతుంది, డాలరు ఎక్కువగా పైకే వెళ్తూ వచ్చింది. 2025 డిసెంబరులో 90 దాటింది. కాబట్టి రేటు తగ్గినప్పుడు మిగిలినది పెరిగినప్పటికి ఆదుకుంటుందన్న ఆశ డాలరుకి పెట్టుకోవద్దు.

మంచిర్యాల నాన్న

ఒక సందేహం. రిఫరెన్స్ రేటు 100 ఉంటే బ్యాంకు నాకు 100కి ఇవ్వదు కదా. ఆ తేడా ఎవరి ఖాతాలో?

పాత ఫారెక్స్ డెస్క్

మంచి ప్రశ్న. చాలా ఇళ్లలో ప్లాను పాడయ్యేది ఇక్కడే. ఒక నెల లెక్క పూర్తిగా వేద్దాం.

తెర మీద రేటు 100. బ్యాంకు అమ్మే రేటు 101.50 అనుకుందాం. 900 యూరోలకి 91,350. కరెన్సీ మార్పిడి మీద జీఎస్టీ: లక్ష లోపు మొత్తానికి ఒక శాతాన్ని విలువగా లెక్కేసి దాని మీద 18 శాతం, అంటే 164 రూపాయలు. పంపే చార్జీ 500, దాని మీద జీఎస్టీ 90. మీ ఖాతాలోంచి పోయింది 92,104. ఇంకా అయిపోలేదు. దారిలో మధ్య బ్యాంకు 12 యూరోలు కోసుకుందనుకోండి, పాపకి పడింది 888. 92,104ని 888తో భాగిస్తే యూరో 103.72 పడింది.

గమనించండి, తెర మీద రేటు కదలకుండానే నాలుగు రూపాయల దడి దాదాపు నిండిపోయింది. మొదటి రేటు తెర మీదది, తర్వాతి నెలల రేటు బ్యాంకు రశీదు మీదది పెట్టుకుంటే మొదటి నెల నుంచే పాపకి కోత మొదలవుతుంది. అందుకే దడిని రిఫరెన్స్ రేటుతోనే కొలవండి, మొదటి రేటునీ దానితోనే. చార్జీలు విడిగా పూర్తిగా మీవి అని ఒక్క వాక్యం రాయండి.

ఆ 12 యూరోల కోత తప్పాలంటే ఫారంలో చార్జీల దగ్గర, ఇద్దరూ పంచుకునే `SHA` కాకుండా, అన్నీ పంపేవాళ్లే భరించే `OUR` ఎంచుకోండి. మీకు ఇక్కడ కొంచెం ఎక్కువ పడుతుంది, అక్కడ మాత్రం పంపినదంతా చేరాలి. మొదటి నెల చేరిన అంకె అమ్మాయిని అడిగి చూసుకోండి. అప్పుడూ తక్కువ పడితే స్విఫ్ట్ కాపీ తీసుకుని బ్రాంచిలో అడగండి, ఎవరు కోశారో కనుక్కోమనండి.

లెక్కల టీచర్

మూడు నెలలకి ఒకసారి పంపితే ఈ చార్జీలు తగ్గుతాయి కదండీ?

పాత ఫారెక్స్ డెస్క్

తగ్గుతాయి. పై లెక్కలోనే 2,700 ఒకేసారి పంపితే మార్పిడి 2,74,050, జీఎస్టీ 337, పంపే చార్జీ 590, మొత్తం 2,74,977. చేరేది 2,688. యూరో 102.30 పడింది. మూడు నెలలకి పాపకి 24 యూరోలు ఎక్కువ చేరాయి, మీకు 1,335 రూపాయలు తక్కువ పోయాయి. కానీ రేటు ఎత్తులో ఉన్న రోజు మూడు నెలలదీ కలిపి కొంటే ఆ మిగులు ఒక్క రోజులో తుడిచిపెట్టుకుపోతుంది. అలవాటు పడేదాకా నెలనెలా పంపండి. ఏప్రిల్ నుంచి కావాలంటే రెండు నెలలకి ఒకసారి చేయండి.

ఆఖెన్ అమ్మాయి

రెండు మూడు నెలలది ఒకేసారి వస్తే ఆ డబ్బంతా ఉందనే అనిపిస్తుంది, నిజంగా చెప్తున్నా. పంపేటట్టయితే అద్దె అకౌంటు వేరు, ఖర్చుల అకౌంటు వేరు పెట్టుకోమనండి.

లెక్కల టీచర్

టీసీఎస్, అంటే విదేశానికి పంపే డబ్బు మీద బ్యాంకు ముందే పట్టే పన్ను, దాని గురించి ఎవరూ అనలేదు. 90,000 చొప్పున పన్నెండు నెలలంటే 10,80,000. ఒక పాన్ మీద ఏప్రిల్ నుంచి మార్చి దాకా 10 లక్షలు దాటిన భాగానికి బ్యాంకు టీసీఎస్ వసూలు చేస్తుంది. రేటు 108 దగ్గర ఉంటే ఏడాదికి 11,44,800. అంటే ఫిబ్రవరిలోనో మార్చిలోనో ఒక నెల ఖాతాలోంచి అనుకోకుండా ఎక్కువ పోతుంది.

పాత ఫారెక్స్ డెస్క్

నిజమే. అక్టోబరులో మొదలుపెడుతున్నారు కాబట్టి ఈ ఆర్థిక సంవత్సరంలో ఆరు నెలలే, దాటదు. ఈ ఏప్రిల్ తర్వాత ఇంకేదైనా విదేశానికి పంపి ఉంటే మాత్రం అదీ కలుస్తుంది. వచ్చే ఏడాది తల్లిదండ్రులిద్దరూ చెరో ఆరు నెలలు వాళ్ల వాళ్ల ఖాతాల నుంచి పంపితే ఎవరి పాన్ మీదా 10 లక్షలు దాటదు. వసూలైనా అది పోయే డబ్బు కాదు, ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పాన్ కింద కనిపిస్తుంది, రిటర్నులో సర్దుకోవచ్చు. దాన్ని సాకుగా చూపి పాప డబ్బు కోయకండి.

ఇంకొకటి జాగ్రత్త. విదేశానికి పంపేటప్పుడు బ్యాంకులో నింపే ఫారం ఏ2లో ఉద్దేశం కోడ్ విద్యది పడాలి, `S0305`. హాస్టల్, తిండి ఖర్చులు అందులోకే వస్తాయి. కౌంటర్లో తొందరలో కుటుంబ పోషణ కోడ్ `S1301` వేసేస్తే, 10 లక్షలు దాటిన భాగానికి విద్యకి ఉన్న తక్కువ రేటు కాకుండా 20 శాతం పడుతుంది. జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలా చోట్ల ట్యూషన్ ఫీజు ఉండదు కాబట్టి ఫీజు రశీదు తెమ్మంటే మీ దగ్గర ఉండదు. ప్రతి సెమిస్టర్‌కీ యూనివర్సిటీ ఇచ్చే ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్ తెప్పించి ఫైల్లో పెట్టుకోండి.

ఆఖెన్ అమ్మాయి

కృష్ణలంక అంకుల్ స్పాన్సర్ లెటర్ అన్నారు కదా, దానికీ దీనికీ ఒక లింకు ఉంది. రెసిడెన్స్ పర్మిట్ పొడిగించుకునేటప్పుడు ఇక్కడి ఆఫీసు నెలకి 992 చొప్పున డబ్బు ఉందా అని చూస్తుంది. 900 వస్తోందని, ఒక్కోసారి 883 అని బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉంటే మిగతాది ఎక్కడిదని అడుగుతారు. యూనివర్సిటీలో చిన్న ఉద్యోగం కాంట్రాక్టు ఉంటే చూపించొచ్చు. కొన్ని ఊళ్లలో మళ్లీ బ్లాక్డ్ అకౌంటే కావాలంటారు. ఆమె పర్మిట్ ఎప్పటిదాకా ఉందో ఇప్పుడే చూసుకోమనండి. రేటు పెరిగితే తగ్గిస్తామని రాసి ఉన్న ఈ ఉత్తరాన్ని మాత్రం ఆ ఫైల్లో ఎప్పుడూ పెట్టొద్దు.

కృష్ణలంక

అలా అయితే నేను చెప్పింది పూర్తిగా వృథా పోలేదన్నమాట. ఆఫీసుకి చూపే కాగితం వేరు, ఇంటి ఉత్తరం వేరు.

లెక్కల టీచర్

డెస్క్ గారూ, రెండు చోట్ల నాకు ఇంకా తృప్తి లేదు. పాపకి 850 కనీసం అని రాశారు, తండ్రికి గరిష్ఠం ఏది? యూరో 125 అయితే ఆయన 1,06,250 పంపాలి. ఒకవైపు నేల ఉంది, ఇంకోవైపు పైకప్పు లేదు. రెండోది, రేటు 108 దగ్గరే ఏడాది నిలబడితే పాపకి ప్రతి నెలా కోత పడుతూనే ఉంటుంది. తాత్కాలిక ఊపుకి కట్టిన దడి శాశ్వత శిక్ష అవుతుంది.

పాత ఫారెక్స్ డెస్క్

రెండోదానికి నా దగ్గర జవాబుంది. మొదటి రేటుని ఆరు నెలలకోసారి తిరగరాయాలి. అక్కడ సెమిస్టర్లు అక్టోబరు, ఏప్రిల్ నెలల్లో మొదలవుతాయి, టీసీఎస్ లెక్కా ఏప్రిల్‌లోనే కొత్తగా మొదలవుతుంది, ఆ రెండు తేదీలే పెట్టుకోండి. అప్పటిదాకా 20వ తేదీల్లో తేల్చిన ఆరు సగటుల సగటు కొత్త మొదటి రేటు. అది 108 వస్తే దడి 104 నుంచి 112కి జరుగుతుంది, పాపకి మళ్లీ 900. షీట్‌లో 104 ఉన్న చోట 112 వేయాలి.

మొదటిది కష్టం. పైకప్పు పెడితే పాప అద్దె ప్రమాదంలో పడుతుంది, పెట్టకపోతే తండ్రి అంతులేని మాట ఇచ్చినట్టవుతుంది. నా వరకు, పైకప్పు బదులు నిల్వ పెడతాను. రేటు 96 కిందకి దిగిన నెలల్లో మిగిలినది ఖర్చు పెట్టకుండా వేరే ఖాతాలో వేయాలి. 92 అయితే 900కి అయ్యేది 82,800, అంటే 7,200 నిల్వకి. మొదట్లో ఒక నెల మొత్తం, 90,000, అందులో వేసి మొదలుపెట్టాలి. 117 దాటిన భారం దాంట్లోంచి. నిల్వ అయిపోతే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవడమే, ఫార్ములా అక్కడితో సరి.

ఆఖెన్ అమ్మాయి

రేటు పెరిగినప్పుడు నేను సగం మోస్తే, తగ్గినప్పుడు మిగిలినదాంట్లో సగం నాకెందుకు రాదు? మొత్తం నిల్వకేనా?

పాత ఫారెక్స్ డెస్క్

నిల్వ కూడా మీకోసమే కదమ్మా.

ఆఖెన్ అమ్మాయి

అది నాన్న ఖాతాలో ఉంటుంది కదా అంకుల్. షీట్‌లో నిల్వ అంకె నాకూ కనిపిస్తే, చదువు అయిపోయేసరికి మిగిలినది ఎవరిదో ముందే రాసి ఉంటే ఒప్పుకుంటాను. లేకపోతే సగం సగం అన్న మాటకి అర్థం లేదు.

గోదావరి గట్టు

అమ్మాయి మాటలో న్యాయం ఉంది. నేనైతే 96 కింద మిగిలినదాంట్లో సగం ఆ నెలే పంపేస్తాను.

లెక్కల టీచర్

పంపేస్తే రేటు 117 దాటినప్పుడు నిల్వ ఎక్కడిది? నేను డెస్క్ గారి వైపే.

మంచిర్యాల నాన్న

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినవన్నీ పెట్టి తిరగరాశాను. నిల్వ సంగతి మా ఆవిడతో మాట్లాడాను, ఆవిడ ఆఖెన్ అమ్మాయి మాటే ఒప్పుకుంది.

> చిన్నీ,
>
> అక్టోబరు నుంచి నీ నెలఖర్చు ఇలా అనుకుంటున్నాం. చదివి నీకు నచ్చనిది చెప్పు, మార్చుకుందాం.
>
> నెలకి 900 యూరోలు. అందులో 800 అద్దె, ఇన్సూరెన్స్, తిండి, సెమిస్టర్ ఫీజు, ఫోనుకి. రేటు ఎంతైనా దాని జోలికి రాము. మిగతా 100 నీ ఇష్టం, లెక్క అడగం.
>
> ప్రతి నెలా 20వ తేదీకి ఐదు పనిదినాల రిఫరెన్స్ రేటు సగటు చూస్తాను. షీట్ నీకూ పంపుతున్నాను, నువ్వూ చూడు. ఇప్పుడు మొదటి రేటు 100. 104 దాకా ఏం పెరిగినా మాదే. 104 దాటితే దాటినదాంట్లో సగం మాది, సగం నీది. నీకు ఎప్పుడూ 850 కన్నా తగ్గదు. బ్యాంకు చార్జీలు, టీసీఎస్ అన్నీ మావే. ఏప్రిల్‌లో, అక్టోబరులో మొదటి రేటు కొత్తగా వేసుకుందాం.
>
> డబ్బు 22న పంపుతాను. 28కల్లా రాకపోతే వెంటనే ఫోన్ చెయ్యి, మొహమాటపడకు. ఇది కాకుండా సెప్టెంబరులోనే ఒక 900 ముందుగా పంపుతున్నాను. అది ఖర్చుకి కాదు, నా డబ్బు ఆలస్యమైన నెల అద్దె కట్టడానికి. వాడితే ఎంత వాడావో చెప్పు, మళ్లీ నింపుతాను.
>
> రేటు 96 కన్నా తగ్గిన నెలల్లో 900 పోను మా దగ్గర మిగిలినది వేరే ఖాతాలో వేస్తాం. అంకె షీట్‌లో నీకు కనిపిస్తుంది. నీ చదువు పూర్తయిన రోజు అందులో ఎంతుంటే అంతా నీది. రేటు 117 దాటితే మాత్రం ముందు అందులోంచే వాడతాం.
>
> నువ్వు అక్కడ పనిచేసి సంపాదించేది ఈ లెక్కలోకి రాదు.
>
> నీ రెసిడెన్స్ పర్మిట్ ఏ తేదీ దాకా ఉందో ఫోటో తీసి పంపు.
>
> ఆశీస్సులతో, నాన్న, అమ్మ

పాత ఫారెక్స్ డెస్క్

బాగుంది. ఒక్క చోట సందు ఉంది. ఐదు రోజుల సగటు 20న తేలుతుంది, మీరు కొనేది 22న. ఆ రెండు రోజుల్లో రేటు కదిలితే ఎవరిదో రాయలేదు. "20న తేలిన యూరోలే పంపుతాం, 22 రేటు ఎంతైనా" అని ఒక వాక్యం చేర్చండి. లేకపోతే మొదటి నెలే ఇద్దరి షీట్‌లలో రెండు అంకెలు వస్తాయి.

లెక్కల టీచర్

షీట్‌లో 850, 900, 104 ఫార్ములాలో నేరుగా కాకుండా విడి గడుల్లో పెట్టండి. ఏప్రిల్‌లో మొదటి రేటు మారినప్పుడు పాత నెలల అంకెలు మారకుండా కొత్త తేదీ నుంచి కొత్త పట్టిక మొదలుపెట్టండి. లేదంటే అక్టోబరు నెల లెక్క కూడా తిరగబడి కనిపిస్తుంది.

గోదావరి గట్టు

నేను ఇంకా అంటాను, 96 కింద సగం ఆ నెలే పంపాలి. చదువు అయిపోయాక చేతికొచ్చే డబ్బు కన్నా డిసెంబరు చలిలో కొనుక్కునే మంచి కోటు మేలు.

మంచిర్యాల నాన్న

డెస్క్ గారూ, ఆ వాక్యం చేర్చాను. గోదావరి గట్టు గారూ, కోటు సంగతి అమ్మాయినే అడుగుతాను. ఉత్తరం ఇవాళ రాత్రి పంపుతున్నాను, సెప్టెంబరు 20కి మొదటి సగటు తేలాక షీట్ ఇక్కడ పెడతాను, లెక్క సరిచూడండి.